డొమైన్ ట్రాన్స్‌ఫర్ ఎక్కడ ఆగింది? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

డొమైన్‌ను దాన్ని అమ్మే ఒక కంపెనీ, అంటే రిజిస్ట్రార్ దగ్గర్నుంచి ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చడంలో అసలు పని అరగంట కూడా ఉండదు. మిగతాదంతా ఎదురుచూపే. ఆ ఎదురుచూపు మామూలుదా, లేక పని నిజంగానే ఆగిపోయిందా అన్నది తెలియకే జనం కంగారుపడి కనిపించిన బటనల్లా నొక్కేస్తారు. దేన్నీ ముట్టుకునే ముందు lookup.icann.org లో మీ డొమైన్ పేరు కొట్టి, స్టేటస్ దగ్గర ఏముందో చూడండి. కమాండ్ అలవాటున్నవాళ్లకు ఇది చాలు:

```
whois example.com
```

కింద చెప్పేవి .com, .net, .org లాంటి వాటికి వర్తించే నిబంధనలు, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ పెట్టినవి. .in డొమైన్లు మన దేశపు సంస్థ నిక్సీ కిందికి వస్తాయి. వాటికీ కోడ్, లాక్ ఉంటాయి గానీ గడువులు మాత్రం మీ రిజిస్ట్రార్‌నే అడిగి తెలుసుకోండి.

"డొమైన్ లాక్ అయి ఉంది" అని కొత్త రిజిస్ట్రార్ మొదట్లోనే తిప్పి పంపడం

స్టేటస్‌లో clientTransferProhibited అని ఉంటే అది మీ పాత రిజిస్ట్రార్ వేసిన తాళం. దొంగ ట్రాన్స్‌ఫర్లు జరగకుండా దాదాపు అందరూ దీన్ని మామూలుగానే వేసి ఉంచుతారు. పాత అకౌంట్‌లోకి వెళ్లి డొమైన్ సెట్టింగుల్లో Transfer Lock లేదా Domain Lock అన్నదాన్ని ఆఫ్ చేసి, కాసేపాగి స్టేటస్ మళ్లీ చూడండి. ఆ మాట పోయి ok వస్తే దారి తెరుచుకున్నట్టే. అకౌంట్‌లో ఆ బటన్ లేకపోతే సపోర్ట్‌కి మెయిల్ పెట్టండి. అడిగిన అయిదు రోజుల్లోగా తాళం తీయాలన్నది నిబంధన.

serverTransferProhibited అని ఉంటే కథ వేరు. ఆ తాళం రిజిస్ట్రార్‌ది కాదు, .com లాంటి ఒక్కో కొసపేరు మొత్తాన్ని నడిపే రిజిస్ట్రీది. ఏదో వివాదం వల్లో, డబ్బు కట్టి తీసుకున్న అదనపు భద్రత వల్లో పడుతుంది. మీ ప్యానెల్‌లో ఎంత వెతికినా దానికి బటన్ దొరకదు. ఎందుకు పడిందో పాత రిజిస్ట్రార్‌నే అడగాలి.

బటన్ నొక్కినా తాళం తెరుచుకోదు, "60 రోజులు ఆగండి" అంటుంది

నేను చూసిన వాటిలో మనుషుల్ని ఎక్కువ ఏడిపించేది ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

అరవై రోజుల అడ్డు మూడు సందర్భాల్లో వస్తుంది. డొమైన్ కొత్తగా కొన్నాక, ఇంతకుముందే ఒకసారి ట్రాన్స్‌ఫర్ అయ్యాక, యజమాని వివరాలు మార్చాక. మొదటి రెండూ తేదీలు చూస్తే తెలిసిపోతాయి. మూడోదే తెలియకుండా మెడకు చుట్టుకుంటుంది. యజమాని పేరు, సంస్థ పేరు, ఈమెయిల్, ఈ మూడింట్లో ఏ ఒక్కటి మార్చినా యజమాని మారినట్టే లెక్క. 2016 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. పేరు అదే ఉండి, పాత జీమెయిల్ తీసి కొత్త జీమెయిల్ పెట్టినా సరే, తాళం పడుతుంది.

గాజువాక ఆటోనగర్‌లో హైడ్రాలిక్ హోస్‌లు, ఫిట్టింగులు అమ్మే షాపు సంగతి చూడండి. వాళ్ల .com డొమైన్‌ను ఎప్పుడో ద్వారకానగర్‌లో ఒక వెబ్ డిజైనర్ కుర్రాడు తీసిచ్చాడు. అందులో ఉన్న ఈమెయిల్ అతనిదే. అతను హైదరాబాద్ వెళ్లిపోతూ పాస్‌వర్డ్ ఇచ్చేశాడు. షాపాయన మంచి పనే అనుకుని, 2025 ఫిబ్రవరి 3న తన పేరు, తన మెయిల్ పెట్టేశాడు. డొమైన్ గడువు ఏప్రిల్ 12. ఈ లోపు చవగ్గా వచ్చే ఇంకో రిజిస్ట్రార్‌కి మారిపోదామని మార్చి మొదటివారంలో నా దగ్గరికి వచ్చాడు. తాళం తీయబోతే తెరుచుకోవడం లేదు.

"ఏటి బాబూ, నా డొమైన్ నా పేరున పెట్టుకుంటే నాకే తాళం ఏటి?" అన్నాడు.

"అదే బాబాయ్, ముందు మార్చేసి తర్వాత నీ పేరున పెట్టుకోవాల్సింది," అన్నాను.

లెక్క వేస్తే ఫిబ్రవరి 3 నుంచి అరవై రోజులు ఏప్రిల్ 4కి అవుతాయి. ఏప్రిల్ 5న మొదలుపెడితే, అయిదు రోజులు పట్టినా పదో తేదీకి ముగుస్తుంది. గడువుకి మిగిలేది రెండు రోజులు. మధ్యలో కోడ్ తప్పయినా, కార్డు పేమెంట్ ఫెయిలైనా ఆ రెండు రోజులూ ఎగిరిపోతాయి. స్టీల్‌ప్లాంట్ కాంట్రాక్టర్ల కొటేషన్లన్నీ ఆ డొమైన్ మెయిల్‌కే వస్తాయి కాబట్టి అంత అంచుమీద నడవడం నాకు నచ్చలేదు.

ఈ తాళాన్ని వద్దనుకునే అవకాశం ఒకటి ఉంది గానీ, అది వివరాలు మార్చే ముందే వస్తుంది. కొందరు రిజిస్ట్రార్లు మార్పు చేసే పేజీలోనే ఒక చిన్న టిక్ బాక్స్ ఇస్తారు. దాన్ని ఎవరూ చదవరు. మార్పు అయిపోయాక ఆ టిక్ పెట్టడానికి ఉండదు.

అందుకని మార్చిలోనే పాత రిజిస్ట్రార్ దగ్గర ఒక ఏడాదికి రెన్యూ చేయించాను. "మారిపోయేవాడికి మళ్లీ డబ్బు కట్టడమేటి, దండగ కదా?" అని ఆయన గునిశాడు. దండగ కాదు. గడువు తీరకముందు కట్టిన ఏడాది డొమైన్‌తోపాటే వస్తుంది, ట్రాన్స్‌ఫర్‌కి కట్టే డబ్బుతో ఇంకో ఏడాది దానికి కలుస్తుంది. ఆయన గడువు రెన్యూతో 2026 ఏప్రిల్ 12కి, ట్రాన్స్‌ఫర్‌తో 2027 ఏప్రిల్ 12కి వెళ్లింది. మొత్తం పదేళ్లు దాటనంతవరకు ఇలా కలుస్తూనే ఉంటుంది.

దండగ ఎక్కడవుతుందంటే, గడువు తీరిన తర్వాత రెన్యూ చేసి, ఆ వెంటనే ట్రాన్స్‌ఫర్ పెడితే. గడువు తీరాక 45 రోజుల లోపల డొమైన్ మారితే ఆ రెన్యూ ఏడాది రిజిస్ట్రీలో రద్దయిపోతుంది. ఆ డబ్బు పాత రిజిస్ట్రార్‌కి వెనక్కి వెళ్తుంది, మీకు ఇవ్వాలో లేదో వాళ్ల ఇష్టం. రెండేళ్లకు కట్టి ఒక్క ఏడాదే చూసుకుంటారు. అలా రెన్యూ చేసినవాళ్లు ఆ 45 రోజులు గడిచాక మారితే సరిపోతుంది. ఇక స్టేటస్ redemptionPeriod దాకా వెళ్లిందంటే ట్రాన్స్‌ఫర్ మాట మర్చిపోయి, ముందు పాత రిజిస్ట్రార్ దగ్గరే డొమైన్‌ను వెనక్కి తెచ్చుకోవాలి. దానికి రెన్యూ ఫీజు కంటే చాలా ఎక్కువ గుంజుతారు.

కోడ్ తప్పు అంటోంది

తాళం తీశాక పాత అకౌంట్‌లో ట్రాన్స్‌ఫర్ కోడ్ తీసుకోవాలి. దీన్నే ఆథ్ కోడ్ అనీ, ఈపీపీ కోడ్ అనీ అంటారు, మూడూ ఒకటే. స్క్రీన్ మీద చూపించకపోతే అడిగిన అయిదు రోజుల్లో ఇవ్వాలి.

కోడ్ సరైనదే అయినా తప్పు అనిపించుకుంటుందంటే, చాలాసార్లు కాపీ చేయడంలోనే తేడా ఉంటుంది. మెయిల్‌లోంచి ఫోన్ మీద కాపీ చేసినప్పుడు చివర్లో ఒక ఖాళీ కూడా అంటుకొస్తుంది. కోడ్‌లో & ఉంటే కొన్ని మెయిళ్లలో అది & లాగా కనిపిస్తుంది, పెట్టాల్సింది ఒక్క & మాత్రమే. ఇంకో సంగతి, రెండోసారి కోడ్ అడిగితే మొదటిది పనిచేయకపోవచ్చు. కాబట్టి చివర్లో వచ్చినదాన్నే వాడండి. కోడ్‌ను ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. తాళం తీసి ఉన్న డొమైన్‌కి ఆ కోడ్ దొరికినవాడు సొంతదారు లాంటివాడే.

డబ్బు కట్టాం, కోడ్ తీసుకుంది, రోజులు గడుస్తున్నా కదలదు

స్టేటస్‌లో pendingTransfer కనిపిస్తోందా? అయితే ఏమీ ఆగలేదు. పాత రిజిస్ట్రార్‌కి అయిదు రోజుల గడువు ఉంటుంది. వాళ్లు ఏమీ అనకపోతే రిజిస్ట్రీ దానంతటదే మార్చేస్తుంది. తొందర ఉంటే పాత అకౌంట్‌లో గానీ, వాళ్లు పంపిన మెయిల్‌లో గానీ ఒప్పుకుంటున్నామనే బటన్ ఉందేమో చూడండి. ఉంటే, నొక్కాక చాలావరకు అదే రోజు అయిపోతుంది.

ఆ మెయిల్ దగ్గరే ఇంకో తిరకాసు. "మీ డొమైన్‌ను మార్చమని ఎవరో కోరారు, మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి" అన్న ధోరణిలో ఉంటుంది. అది చూసి షాపులో కుర్రాడు భయపడి నొక్కితే ట్రాన్స్‌ఫర్ రద్దవుతుంది. అలా రద్దయితే కొత్త కోడ్ తీసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ఆటోనగర్ షాపులో మెయిళ్లు చూసే అమ్మాయికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాం.

pendingTransfer అసలు కనిపించకపోతే మాత్రం మీ అభ్యర్థన రిజిస్ట్రీ దాకా వెళ్లనే లేదు. కొత్త రిజిస్ట్రార్ దగ్గర పేమెంటో, కోడో పెండింగ్‌లో పడి ఉంటుంది. అడగాల్సింది వాళ్లనే, పాతవాళ్లను కాదు.

డొమైన్ మారింది, మెయిళ్లు రావడం మానేశాయి

మీ సైట్, మెయిల్ ఎక్కడున్నాయో అడిగినవాళ్లకు చెప్పే నేమ్‌సర్వర్లు ట్రాన్స్‌ఫర్ వల్ల మారవు. అవే ఉంటాయి. అదే చిక్కు. నేమ్‌సర్వర్లు పాత రిజిస్ట్రార్‌వే అయితే, డొమైన్ వెళ్లిపోగానే వాళ్లు ఆ చిరునామాలు రాసి ఉన్న మీ రికార్డులు తీసేయవచ్చు. ఒక ఫోన్‌లో సైట్ వస్తుంది, ఇంకో ఫోన్‌లో రాదు. మెయిళ్లు సాయంత్రం దాకా వచ్చి, మర్నాటి నుంచి పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతాయి. పాత సమాధానం కొన్నిచోట్ల ఇంకా నిల్వ ఉండటమే ఈ తేడాకి కారణం. ముందే ఇలా చూసుకోండి:

```
nslookup -type=ns example.com
nslookup -type=mx example.com
```

మొదటి కమాండ్‌కి పాత రిజిస్ట్రార్ పేరుతో సర్వర్లు వచ్చాయంటే, ట్రాన్స్‌ఫర్ కంటే ముందు డీఎన్ఎస్, అంటే ఆ నేమ్‌సర్వర్లు, రికార్డులు వేరే చోటికి మార్చాలి. షాపాయనకి అరవై రోజుల తాళం ఇక్కడ కలిసొచ్చింది. తాళం ఆపేది ట్రాన్స్‌ఫర్‌నే, నేమ్‌సర్వర్లు మార్చుకోవడాన్ని కాదు. మార్చిలోనే వేరే చోట డీఎన్ఎస్ తెరిచి, పాత ప్యానెల్‌లోని రికార్డులన్నీ ఒక్కొక్కటిగా అక్కడ రాశాం. సైట్ చిరునామా చెప్పే A, మెయిల్ సర్వర్ ఏదో చెప్పే MX ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. జారిపోయేది TXT రికార్డులు, అందులోనూ మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువుచేసే _domainkey అని ఉండేది. అది లేకపోతే మెయిళ్లు వెళ్తున్నట్టే ఉంటాయి గానీ అవతలివాళ్ల స్పామ్‌లో పడతాయి. కొటేషన్ పంపాం, జవాబు లేదని వారం రోజులు కూర్చుంటారు.

డీఎన్ఎస్ సమాధానాలకు సంతకంలా పనిచేసే DNSSEC పాత ప్యానెల్‌లో ఆన్‌లో ఉంటే నేమ్‌సర్వర్లు మార్చకముందే దాన్ని ఆపి, ఒక రోజు పైన ఆగండి. ఆపకుండా మార్చితే రికార్డులన్నీ సరిగ్గానే ఉన్నా సైట్ చాలామందికి తెరుచుకోదు. నేమ్‌సర్వర్లు మార్చాక 48 గంటలు వదిలేయండి, .com పాత సమాధానం అంతసేపు నిల్వ ఉండగలదు. ఆ తర్వాత బయటి జీమెయిల్ నుంచి ఒక మెయిల్ పంపి, వచ్చినదానికి జవాబిచ్చి, అది స్పామ్‌లో పడలేదని చూసుకున్నాకే తాళం తీసే పనికి వెళ్లండి.