మూడు చోట్ల అమ్మకం, ఒకటే లెక్క – మూడో పాఠం: ఆన్‌లైన్‌లో ఎంత చూపించాలి?

గత పాఠంలో ప్రతి రకం చీరకూ ఒక కోడ్ ఇచ్చి, దుకాణం బిల్లింగ్‌లో, మన వెబ్‌సైట్‌లో, మార్కెట్‌ప్లేస్‌లో అదే కోడ్ పెట్టాం. ఈసారి ఆ కోడ్ ఎదురుగా ఏ సంఖ్య పంపాలో చూద్దాం.

నల్లగొండ గడియారం సెంటర్‌లో పోచంపల్లి కాటన్ చీరల దుకాణం ఉందనుకోండి. PCH-COT-RED రకం అరలో 9 ఉన్నాయి. ఆన్‌లైన్‌లో 9 అని పెట్టకూడదు. వాటిలో రెండింటికి ఆర్డర్ వచ్చింది, ఇంకా ప్యాక్ కాలేదు. అవి కళ్ల ముందే ఉన్నా అమ్ముడైనట్టే లెక్క. ఇంకో రెండు గల్లా దగ్గరి అమ్మకాలకు పక్కన ఉంచాలి. షీట్‌లో చేతిలో ఉన్నవి B, ఆర్డర్ అయినవి C, పక్కన ఉంచినవి D.

```
=MAX(0, B2-C2-D2)
```

జవాబు 5. వెబ్‌సైట్‌కూ మార్కెట్‌ప్లేస్‌కూ ఇదే పంపండి. ఇది 1కి దిగిందంటే ఒక్క చోటే ఉంచి, రెండో చోట సున్నా చేయండి. లేకపోతే ఉన్న ఒక్క చీరనూ ఇద్దరు కొంటారు.

D ఎంత ఉండాలన్నది మీ రద్దీని బట్టి ఉంటుంది. 15 నిమిషాలకోసారి లెక్క పంపుతుంటే, బతుకమ్మ ముందు రోజుల్లో ఆ 15 నిమిషాల్లో ఆ రకం ఎక్కువలో ఎక్కువ ఎన్ని పోతాయో అంత ఉంచండి. కానీ బిల్లు అప్పటికప్పుడే కొట్టాలి. చీటీ మీద రాసుకుని రాత్రి ఎక్కించే అలవాటుంటే ఏ D కూడా సరిపోదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ. 10:00కి ఆర్డర్లు తెచ్చుకున్నారు. 10:02కి మార్కెట్‌ప్లేస్‌లో ఒక చీర పోయింది, అక్కడి సంఖ్య దానంతటదే 5 నుంచి 4కు తగ్గింది. మీ షీట్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి 10:05కి మళ్లీ 5 పంపింది. అమ్ముడైన చీర తిరిగి అమ్మకానికొచ్చింది! కొత్త సరుకు రాకుండానే, రిటర్న్ లేకుండానే లిస్టింగ్‌లో సంఖ్య పెరిగిందంటే ముందుగా అనుమానించాల్సింది ఇదే. అందుకే ముందు ఆర్డర్లు తెచ్చుకోవాలి, వెంటనే లెక్క కట్టాలి, వెంటనే పంపాలి. మధ్యలో విరామం వద్దు. సెకన్ల తేడా అయినా మిగులుతుంది, దాన్ని D కాస్తుంది.

ఇంకొకటి. కొరియర్ చీర తీసుకెళ్లినప్పుడు B, C రెండింట్లోనూ ఒకటి తగ్గాలి. C ఒక్కటే తగ్గిస్తే లేని చీర లెక్కలోకి వస్తుంది. B ఒక్కటే తగ్గిస్తే ఉన్న చీర అమ్మకానికి రాకుండా ఉండిపోతుంది.

అభ్యాసం: B 7, C 1, D 2. గల్లా దగ్గర ఒకటి పోయింది, వెబ్‌సైట్‌లో కొత్తగా ఒక ఆర్డర్ వచ్చింది, పాత ఆర్డర్ చీర కొరియర్‌కు వెళ్లింది. ఇప్పుడు B 5, C 1, పంపాల్సింది 2. మీకు C 0, పంపాల్సింది 3 వచ్చిందంటే కొత్త ఆర్డర్‌ను C లో కలపడం మరిచిపోయారు.

రిటర్న్ వచ్చిన చీరను B లో ఎప్పుడు కలపాలన్నది నాలుగో పాఠం.