మూడో స్లైడ్‌లో చెప్పాం కదా, మళ్లీ ఎందుకు అడుగుతున్నారు?

సమస్య: సర్వర్లు పడిపోతే ఏం చేయాలన్న ప్లాన్‌ను అకౌంట్స్ వాళ్లకు చూపిస్తున్నాను. తొమ్మిదో స్లైడ్‌లో ఒకాయన చెయ్యెత్తి, "ఈ ఆర్‌టీఓ అంటే ఏంటండీ?" అన్నారు. మూడో స్లైడ్‌లో రాశానే అనుకున్నాను. రాసింది నిజమే. కానీ ఆ మాట అంతకు ముందే, రెండో స్లైడ్ చార్ట్‌లో వచ్చేసింది.

కారణం: స్లైడ్‌లను ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు వివరణ ఒకచోట, మాట మొదట కనిపించే చోటు ఇంకోచోట పడతాయి. నాకు జరిగింది అదే. మొదటి స్లైడ్ నుంచి `Ctrl+F` కొట్టి వెతికితే మొదట దొరికిన చోటే వివరణ ఉండాలి. అయితే చార్ట్‌ను బొమ్మగా అతికించి ఉంటే అందులోని అక్షరాలు వెతుకులాటకు దొరకవు. టైటిల్‌నూ, చార్ట్‌లనూ కళ్లతోనే చూసుకోవాలి.

రెండో తప్పు ఇంకా పెద్దది. నేను రాసింది "రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్" అని మాత్రమే. పొట్టి పేరును పొడుగు చేశాను, అంతే. అర్థం ఎక్కడ చెప్పాను?

పరిష్కారం: మాట మొదట వచ్చిన చోటే, అదే వాక్యంలో, వాళ్ల పనికి తగిలేలా చెప్పాలి. ఇప్పుడు ఇలా రాస్తున్నాను:

"ఆర్‌టీఓ 4 గంటలు: మధ్యాహ్నం 2కి సిస్టమ్ ఆగితే 6 కల్లా మళ్లీ నడవాలి. ఆర్‌పీఓ 15 నిమిషాలు: 1.45 వరకు ఎక్కించిన ఎంట్రీలు పోకూడదు. ఆ తర్వాతవి మళ్లీ కొట్టాల్సి రావచ్చు."

ఆ చివరి వాక్యం చూశాకే అకౌంట్స్ వాళ్లు అసలు ప్రశ్న అడిగారు: ఆ 15 నిమిషాల ఎంట్రీలు మళ్లీ ఎవరు కొట్టాలి?

వివరించాక ఆ మాట మళ్లీ ఐదారు స్లైడ్‌ల తర్వాత వస్తే, అక్కడ అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క ముక్క గుర్తుచేయండి. మొత్తం మీద ఒకటి రెండుసార్లే వచ్చే మాటకైతే పొట్టి పేరే వద్దు.

మరి పదకోశం స్లైడ్ పెట్టాలా? ఎదురుగా నిలబడి చెప్పేటప్పుడు మొదట్లో పెడితే ఉపయోగం లేదు. ఇంకా కథ మొదలుకాకముందే పన్నెండు మాటలు చూపిస్తే ఎవరికి గుర్తుంటాయి? తర్వాత కావాలన్నా వెనక్కి తిప్పుకోలేరు, రిమోట్ మన చేతిలో ఉంటుంది. ఫైల్‌ను మెయిల్‌లో పంపి వాళ్లంతట వాళ్లే చదువుకునేలా ఉంటే మాత్రం పెట్టాల్సిందే, కాకపోతే చివర్లో. వేర్వేరు విభాగాల వాళ్లు కూర్చుని, అరడజను మాటలు అడుగడుగునా తగులుతుంటే, ఆ స్లైడ్‌నే ప్రింట్ తీసి చేతికివ్వడం మేలు.

పదకోశం పెట్టినా మొదటి చోట వివరణ తీసేయకండి. నేనొకసారి "చివర్లో ఉంది కదా" అని తీసేశాను. మళ్లీ అదే చెయ్యి లేచింది.