ఐరన్ మాత్రలు వేసుకుంటే మలబద్ధకం, నల్లటి మలం: ఏది మందు వల్ల, ఏది రక్తం వల్ల?

మందుల కౌంటర్ దగ్గర ఐరన్ మాత్రల గురించి వచ్చే ఫిర్యాదులు రెండే. మోషన్ గట్టిగా అవుతోంది, నల్లగా వస్తోంది. మొదటిదానికి భయపడి మాత్ర మానేస్తారు, రెండోదాన్ని "మాత్ర వల్లేలే" అని వదిలేస్తారు. రెండూ తప్పే.

సమస్య: మలబద్ధకం

ముందు వేసుకుంటున్న మందుల స్ట్రిప్పులన్నీ ఒకచోట పెట్టి వెనక రాసింది చదవండి. ఈ పని ఎవరూ చేయరు. రక్తహీనతకు ఒక మాత్ర, దానికి తోడు ఐరన్ కలిసిన మల్టీవిటమిన్ ఇంకొకటి నడుస్తుంటాయి. 200 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో అసలు ఐరన్ 65 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. శరీరం అందులో కొంతే తీసుకుంటుంది. మిగిలింది పేగులోనే ఉండి మలాన్ని గట్టిపరుస్తుంది, రంగు మారుస్తుంది.

కాబట్టి మోతాదు పెంచితే లాభం తక్కువ, ఇబ్బంది ఎక్కువ. ఒక డోసు పడ్డాక దాదాపు ఒక రోజు పాటు శరీరం ఐరన్‌ను పీల్చుకోవడం తగ్గించేస్తుంది. అందుకే రోజుకు రెండు మూడు మాత్రలు వేసుకుంటున్నవాళ్లు రోజుకొకటి గానీ, రోజు విడిచి రోజు గానీ సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి. పరగడుపున నీళ్లతో వేసుకోవడం మేలు. కడుపులో తిప్పితే కాస్త తిన్నాక వేసుకోండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం, యాంటాసిడ్ మాత్రం రెండు గంటలు దూరంగా ఉంచాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటల ఎడం కావాలి. ఇంత చేసినా మోషన్ కదలకపోతే లాక్టులోజ్ లాంటి మందు డాక్టర్ రాస్తారు. ముక్కి ముక్కి వెళ్లాక కాగితం మీద ఎర్రటి రక్తం చుక్క కనిపిస్తే చాలాసార్లు అది మలద్వారం దగ్గరి చీలికో, మొలలో. అయినా ఒకసారి చూపించుకోండి.

సమస్య: నల్లటి మలం

మాత్ర మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో మలం ముదురు ఆకుపచ్చగానో, నల్లగానో మారడం మామూలే. ఆ మలానికి ఆకారం ఉంటుంది, మెరుపు ఉండదు, వాసన ఎప్పటిలాగే ఉంటుంది. కాగితానికి పలచగా అంటుకున్నచోట ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. మాత్ర ఆపితే కొద్దిరోజుల్లో రంగు మామూలవుతుంది.

పొట్టలోనో, చిన్నపేగు మొదట్లోనో కారిన రక్తం కిందికి వచ్చేసరికి వేరుగా ఉంటుంది. తారులా నిగనిగలాడుతూ జిగటగా, చాలాసార్లు పలచగా వస్తుంది. నీళ్లు పోసినా ఓ పట్టాన వదలదు. వాసన ఇంట్లో వాళ్లందరికీ తెలిసేంత ఘాటు.

ఇక్కడే అసలు మోసం ఉంది. ఐరన్ రాసింది రక్తం తగ్గిందని. ఆ రక్తం ఎందుకు తగ్గిందో మాత్రం చాలామంది అడగరు. ఒకాయనకు యాభై దాటింది, మోకాళ్ల నొప్పికి రోజూ నొప్పుల మాత్ర వేసుకునేవాడు. హిమోగ్లోబిన్ 8.6 ఉంటే ఐరన్ మొదలుపెట్టారు. మలం నల్లగా ఉందంటే అందరూ మాత్ర వల్లే అన్నారు. నాలుగు వారాలు ఒక్క పూటా మానకుండా వాడాక పరీక్ష చేయిస్తే 8.1. మామూలుగా అన్నిరోజులు వాడితే రెండు పాయింట్ల దాకా పెరగాలి. అడిగితే ఇంకో మాట బయటపడింది: మలబద్ధకం అసలు లేదు, పైగా రోజుకు మూడుసార్లు పలచగా వెళ్తున్నాడు. ఐరన్ వల్ల కొందరికి విరేచనాలు కావచ్చు గానీ, పేగులోకి చేరిన రక్తం కూడా మోషన్‌ను అలాగే పలచన చేస్తుంది. జిగట, మెరుపు, పెరగని హిమోగ్లోబిన్ కలిశాయంటే ఇక ఆలోచించేదేముంది? ఎండోస్కోపీ చేస్తే పొట్టలో పుండు కనిపించింది. నొప్పుల మాత్ర ఆపి, పుండుకు మందు వాడాకే రక్తం పెరగడం మొదలైంది.

అందుకే రంగు ఒక్కటే చూడకండి. నొప్పుల మాత్ర, ఆస్పిరిన్, రక్తం పలచబడే మందు వాడుతుంటే ఐరన్ మొదలుపెట్టే రోజే డాక్టర్‌కి చెప్పండి. ఐరన్ మొదలుపెట్టడానికి ముందు నుంచే మలం నల్లగా ఉంటే దాన్ని మాత్ర ఖాతాలో వేయడానికి లేదు. ఎన్ని రోజుల్లో మళ్లీ హిమోగ్లోబిన్ చూడాలో కూడా అప్పుడే అడిగి రాసుకోండి.

తారు లాంటి మలంతో పాటు కళ్లు తిరగడం, లేచి నిలబడితే తూలడం, గుండెదడ, కాఫీ పొడి రంగు వాంతి ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

బిస్మత్ ఉన్న కడుపు మందు, బొగ్గు మాత్ర కూడా మలాన్ని నల్లగా చేస్తాయి. అవి వాడుతున్నారో లేదో గుర్తు చేసుకుంటే చాలు. కొలనోస్కోపీ ఉంటే ఐరన్ వాడుతున్న సంగతి ముందే చెప్పండి. పేగు గోడ సరిగా కనిపించాలని సాధారణంగా వారం ముందే ఆపమంటారు.