బియ్యం కొట్టుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్, నిల్వ సరుకుపై ఇన్‌పుట్ క్రెడిట్: తెలంగాణలో దరఖాస్తు విధానం

ముందుగా పన్ను ఎలా నడుస్తుందో చూద్దాం. రైతు వడ్లు అమ్మితే జీఎస్టీ లేదు. మిల్లరు వాటిని ఆడించి, పేరు ముద్రించిన 10 కిలోల సంచుల్లో 100 బస్తాలు నింపాడు. ఖాళీ సంచి ఒక్కోటి 20 రూపాయల లెక్కన 2,000 అయింది, దాని మీద 18 శాతం అంటే 360 పన్ను కట్టాడు. బస్తా 550 చొప్పున కొట్టుకు 55,000కు అమ్మి, 5 శాతం కింద 2,750 వసూలు చేశాడు. అందులో సంచుల మీద కట్టిన 360 తీసేసి ప్రభుత్వానికి 2,390 కడతాడు. కొన్నప్పుడు ఇచ్చిన పన్నును ఇలా తగ్గించుకోవడమే ఇన్‌పుట్ క్రెడిట్. కొట్టువాడు బస్తా 600కు అమ్మితే 60,000 మీద పన్ను 3,000. మిల్లరుకు ఇచ్చిన 2,750 పోను అతను కట్టేది 250. మూడు చోట్ల కట్టిన 360, 2,390, 250 కలిపితే సరిగ్గా 3,000. కొన్నవాడి దగ్గర వసూలైన పన్నూ అంతే.

రైతు ఎరువుల మీద కట్టిన పన్ను మాత్రం ఈ లెక్కలోకి రాదు. అతనికి రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి అది వడ్ల ధరలోనే కలిసిపోతుంది, మిల్లరుకు దాని క్రెడిట్ దొరకదు. కొట్టువాడు రిజిస్టరు కాకపోతే అతని దగ్గరా ఇదే జరుగుతుంది: మిల్లరుకిచ్చిన 2,750 అతని ఖర్చుగా మిగిలిపోతుంది.

ఎవరు దరఖాస్తు చేయాలి? సరుకు మాత్రమే అమ్మేవారికి ఏడాది టర్నోవరు పరిమితి తెలంగాణలో 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 25 కిలోలు దాటిన బస్తాకు పన్ను లేదు కాబట్టి 26 కిలోల బస్తాల అమ్మకం లెక్కలోకి రాదనుకుంటారు. కొట్టులో పన్ను లేని సరుకు మాత్రమే ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పన్ను పడే 10 కిలోల బస్తాలు కూడా అమ్ముతుంటే, 26 కిలోల బస్తాల అమ్మకాన్నీ కలిపే టర్నోవరు చూస్తారు.

పరిమితి దాటిన రోజు నుంచి 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. నవంబరు 10న దాటితే డిసెంబరు 10లోగా అన్నమాట. gst.gov.in లో Services, Registration, New Registration తెరిచి పాన్, మొబైల్, ఈమెయిల్ ఇస్తే ఓటీపీలు వస్తాయి. తర్వాత వచ్చే TRN అనే తాత్కాలిక నంబరు 15 రోజులే పనిచేస్తుంది. ఆలోగా రెండో భాగం నింపాలి. ఫీజు ఏమీ లేదు.

రెండో భాగంలో `Date on which liability to register arises` అనే గడిని జాగ్రత్తగా నింపండి. పరిమితి దాటిన రోజునే, అంటే నవంబరు 10నే వేయాలి, దరఖాస్తు పెట్టే రోజును కాదు. నిల్వ సరుకు లెక్క దాని ముందురోజు, నవంబరు 9 నాటిది. టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకానికి Yes పెడితే ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు, ఇదీ చూసుకోండి. కొట్టు అద్దెదైతే అద్దె ఒప్పందంతోపాటు యజమాని కరెంటు బిల్లు జతచేయాలి. బిల్లులో ఇంటి నంబరు ఒకలా, దరఖాస్తులో మరోలా ఉంటే REG-03 నోటీసు వస్తుంది. దానికి 7 పనిదినాల్లో REG-04లో జవాబివ్వకపోతే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది.

చివర్లో ఆధార్ ధ్రువీకరణ ఉంటుంది. వేలిముద్రల కోసం కేంద్రానికి రమ్మని మెయిల్ వస్తే అసలు పత్రాలతో వెళ్లాలి. అన్నీ సరిపోతే REG-06 సర్టిఫికెట్, GSTIN అనే జీఎస్టీ నంబరు వస్తాయి.

సర్టిఫికెట్‌తో పని అయిపోయిందని ఊరుకుంటే నిల్వ సరుకు క్రెడిట్ పోతుంది. రిజిస్ట్రేషన్ వచ్చాక 30 రోజుల్లోగా ITC-01 ఫారం వేయాలి. నవంబరు 9 రాత్రికి కొట్టులో పై 10 కిలోల బస్తాలు 40 మిగిలాయనుకుందాం. బస్తాకు 27.50 చొప్పున మిల్లరుకిచ్చిన పన్ను 1,100: కేంద్రానిది 550, రాష్ట్రానిది 550. మిల్లరు GSTIN, బిల్లు నంబరు, తేదీ, బస్తాల సంఖ్య, పన్ను నింపాలి. ఏడాది దాటిన బిల్లులు చెల్లవు. మొత్తం క్రెడిట్ 2 లక్షలు దాటితే చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం కావాలి. పన్ను విడిగా చూపని చేతిచీటీలతో ఈ ఫారం నింపలేం, కాబట్టి టర్నోవరు పరిమితికి దగ్గరవుతున్నప్పటి నుంచే మిల్లరును సరైన బిల్లు అడిగి తీసుకోండి.

దరఖాస్తు 30 రోజులు దాటాక పెడితే ఈ 1,100 రాదు. పరిమితి దాటిన రోజు నుంచి అమ్మిన బస్తాల మీద పన్ను మాత్రం కట్టక తప్పదు.

GSTIN రాగానే దాన్ని మిల్లరుకు ఇచ్చి, ఆ తర్వాతి ప్రతి బిల్లు మీద వేయించుకోవాలి. మిల్లరు ఆ బిల్లును తన అమ్మకాల రిటర్ను GSTR-1లో చూపితేనే ఆ పన్ను, మీకు దొరికే క్రెడిట్‌ల జాబితా అయిన GSTR-2Bలో కనిపిస్తుంది. నెలవారీ రిటర్నులైతే 14వ తేదీకి 2B సిద్ధమవుతుంది, పన్ను కట్టే రిటర్ను GSTR-3B గడువు 20. మధ్యలో ఉన్న ఆ కొద్ది రోజుల్లో బిల్లులతో సరిచూసి, లేనివాటికి మిల్లరుకు ఫోన్ చేయండి. అందులో కనిపించని బిల్లు క్రెడిట్‌ను ఆ నెల వాడుకోకూడదు, మిల్లరు తర్వాతి GSTR-1లో చేర్చాక తీసుకోవాలి.