రిటైనింగ్ వాల్: భూకంపం లెక్క వేయగానే తేడా కొడితే

2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించాక, వరంగల్ చుట్టుపక్కల గోడల డిజైన్లలో భూకంపం చెక్ అడగడం మామూలైంది. దాంతో ఎక్సెల్ షీట్లలో ఎక్కువగా కనిపించే ఇబ్బందులు ఇవి.

ఉదాహరణకు 5 మీటర్ల ఎత్తున్న గ్రానైట్ రాతి గోడ తీసుకుందాం. పైన 0.6 మీ., అడుగున 2.8 మీ. వెడల్పు. వెనక వైపు నిట్టనిలువు, వాలు ముందు వైపు. వెనక మొరం, పైన సమతలం. మొరం ఘర్షణ కోణం 30 డిగ్రీలు, బరువు ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు. రాతి కట్టడం 23. గోడకూ మట్టికీ మధ్య ఘర్షణ లేదనుకుందాం. జోన్ 3కి గుణకం 0.16, అందులో సగం, అంటే 0.08, అడ్డంగా పనిచేసే భూకంప గుణకం (kh). మీ సైటు ఏ జోన్‌లో ఉందో మ్యాపులో చూసుకునే ఈ అంకె వేయండి.

సమస్య: జారుడు చెక్ షీట్‌లో పాస్, పరిశీలించే ఇంజనీరు దగ్గర ఫెయిల్

సూడో స్టాటిక్ పద్ధతిలో కదలికను ఒక స్థిరమైన అడ్డ బలంగా మార్చుకుంటాం. 1920లలో జపాన్‌లో ఒకాబే, మోనోనోబే ఇచ్చిన సూత్రం ప్రకారం మట్టి ఒత్తిడి గుణకం 0.333 నుంచి 0.383కు పెరుగుతుంది. మీటరు పొడవుకు 75 కిలోన్యూటన్ల నెట్టుడు బలం 86.2 అవుతుంది. అదనం 11.2 మాత్రమే. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు.

గోడ బరువు 195.5. అడుగున ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే నిలబెట్టే బలం 117.3. దాన్ని 86.2తో భాగిస్తే భద్రతా గుణకం 1.36 వస్తుంది. రోడ్డు పనుల్లో భూకంప స్థితికి అడిగేది 1.25 కాబట్టి పాస్ అనిపిస్తుంది. కానీ మట్టి ఊగినప్పుడు గోడ కూడా ఊగుతుంది కదా. దాని సొంత జడత్వ బలం 195.5ను 0.08తో గుణిస్తే 15.6. మట్టి అదనపు నెట్టుడు కంటే ఇదే ఎక్కువ! మొత్తం 101.8, భద్రతా గుణకం 1.15. ఫెయిల్.

ఇలాంటి బరువు గోడల్లో షీట్‌లో ముందు వెతకాల్సింది ఈ జడత్వం వరుసే. పరిష్కారం అడుగు వెడల్పు పెంచడం. పెంచితే బరువుతో పాటు జడత్వమూ పెరుగుతుంది కానీ లాభం మనదే, ఒక్కో కిలోన్యూటన్‌కు 0.6 నిలబెట్టే బలం వస్తే 0.08 మాత్రమే నెట్టేది. 3.1 మీటర్లకు 1.24 వస్తుంది, ఇంకా చాలదు. 3.2కు 1.26, సరిపోతుంది.

సమస్య: తిరగబడే మొమెంటు మరీ తక్కువగా వస్తోంది

మొత్తం 86.2నీ అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పెట్టేసి ఉంటారు. మామూలు 75 అక్కడే పనిచేస్తుంది. భూకంపం తెచ్చిన 11.2ను మాత్రం సీడ్, విట్‌మన్ 1970లో సూచించినట్టు 0.6 ఎత్తులో, అంటే 3 మీటర్ల దగ్గర పెట్టాలి. బలం 15 శాతం పెరిగితే మట్టి వల్ల మొమెంటు 125 నుంచి 158.6కు, 27 శాతం పెరుగుతుంది. 3.2 మీటర్ల గోడకు సొంత జడత్వం ఇంకో 34 దాకా కలుపుతుంది. నిలబెట్టేది 459 కాబట్టి గుణకం 2.4, టెన్షన్ లేదు. ఈ గోడను శాసించేది జారుడే.

సమస్య: వెనక మట్టి వాలు ఇవ్వగానే సెల్‌లో `#NUM!`

దీన్ని ఎక్సెల్ తప్పు అనుకుని, వర్గమూలం లోపల `ABS` పెట్టి నోరు మూయించేవాళ్లున్నారు. అది మహా ప్రమాదం. ముందు ఈ తేడా చూడండి:

```
psi = degrees(atan(kh/(1-kv)))
phi - psi - i
```

phi అంటే మట్టి ఘర్షణ కోణం, ఇక్కడ 30. kh 0.08, నిలువుగా పనిచేసే భూకంప గుణకం kv సున్నా అయితే psi 4.6 డిగ్రీలు. వాలు (i) 26 ఇస్తే తేడా మైనస్ 0.6, వర్గమూలం లోపల రుణ సంఖ్య పడుతుంది. అర్థం ఏమిటంటే, బంక లేని ఆ మట్టి వాలు అంతటి కదలికలో తనంతట తానే జారుతుంది. గోడ ఎంత లావుగా కట్టినా ఆ సూత్రం దగ్గర జవాబు ఉండదు.

వాలు తగ్గించడమే సూటి మార్గం. అలాగని అంచుదాకా వెళ్లకండి. మట్టి ఒత్తిడి గుణకం 20 డిగ్రీలకు 0.55, 24కు 0.66. స్థలం లేక వాలు తగ్గించలేకపోతే, మట్టిలో బంక నిజంగా ఎంతుందో ల్యాబ్‌లో తేల్చి, ఆ విలువతో ట్రయల్ వెడ్జ్ పద్ధతిలో లెక్కించాలి.

పై లెక్కలన్నీ పొడి మట్టికే. గోడలో నీళ్లు బయటికి పోవడానికి వదిలే వీప్ హోల్స్ వర్షాకాలంలో కూడా కారడం లేదంటే, లేదా రాళ్ల సందుల్లోంచి తడి బయటికి కనిపిస్తుంటే, వెనక నీళ్లు నిలిచాయని అనుమానించండి. మొరం బదులు నల్లరేగడి నింపిన గోడల దగ్గర ఇది మామూలే. అప్పుడు నీటి ఒత్తిడి విడిగా కలపాలి, లేదంటే వెనక కంకర పొర వేసి నీళ్లు బయటికి పంపాలి. ఖర్చు చూసుకుంటే రెండోదే నయం.