విదేశీ లా డిగ్రీతో న్యూయార్క్ బార్‌లో చేరడం ఎలా?

తమ దేశంలో లా చదివి అమెరికాలో ప్రాక్టీసు చేయాలనుకునేవారిలో చాలామంది న్యూయార్క్‌నే ఎంచుకుంటారు. అక్కడి కోర్టుల నిబంధనల్లో 520.6 అనే నియమం ఒకటి ఉంది. విదేశీ డిగ్రీ ఉన్నవాళ్లు ఏ షరతులపై బార్ పరీక్ష రాయవచ్చో అది చెబుతుంది. మూడు నాలుగు పేజీలకు మించని ఆ నియమాన్ని చదవకుండానే ముందు ఎల్ఎల్ఎం అనే ఏడాది మాస్టర్స్ కోర్సులో చేరి ఫీజు కట్టేసి, ఆ తర్వాత అర్హత గురించి ఆరా తీయడం మామూలుగా జరిగే తప్పు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం అర్హత గురించే ఉంటుంది. పరీక్షకు ఎలా చదవాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు.

మొదటి పని: మీ డిగ్రీని రెండు కొలతలతో చూసుకోండి

మొదటి కొలత కాలం. అమెరికాలో లా కోర్సు పూర్తికాలపు మూడేళ్లు. మీరు లా చదివిన కాలం దాదాపు అంతే ఉండాలి. రెండో కొలత సారం. మీ దేశపు న్యాయవ్యవస్థ, కోర్టు తీర్పులకు పెద్దపీట వేసే ఇంగ్లిష్ కామన్ లా మీద ఆధారపడి ఉండాలి, చదివిన కోర్సు అమెరికన్ కోర్సుకు సాటిరావాలి. దీనికి తోడు, మీ కళాశాలకు ఆ దేశ ప్రభుత్వ సంస్థ గుర్తింపు ఉండాలి. మీ చదువు అక్కడ న్యాయవాదిగా నమోదు కావడానికి సరిపోయేదై ఉండాలి.

రెండు కొలతలూ సరిపోతే ఎల్ఎల్ఎం లేకుండానే నేరుగా పరీక్ష రాయవచ్చు. ఈ సంగతి తెలియక ఏడాది చదువూ ఫీజూ అదనంగా నెత్తిన వేసుకున్నవాళ్లు ఉన్నారు.

ఒక్క కొలత తప్పితే ఎల్ఎల్ఎంతో పూడ్చుకోవచ్చు. కామన్ లా దేశంలో కనీసం రెండేళ్లు లా చదివి, కాలం మాత్రమే తగ్గినవాళ్లకు ఈ దారి ఉంది. రాతపూర్వక చట్ట సంహితలే ప్రధానమైన సివిల్ లా దేశంలో పూర్తి కాలం చదివి, సారం మాత్రమే తేడా వచ్చినవాళ్లకూ ఉంది. రెండూ తప్పితే మాత్రం ఎంత పేరున్న ఎల్ఎల్ఎం చేసినా ఆ లోటు తీరదు.

కాలం లెక్కలో ఒక మెలిక ఉంది. పాత డిగ్రీ ఉందని విశ్వవిద్యాలయం మొదటి ఏడాది మినహాయించి, నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకుందనుకుందాం. పట్టా మీద మూడేళ్ల కోర్సు అనే ఉంటుంది. కానీ మార్కుల పత్రంలో లా చదివిన సంవత్సరాలు రెండే కనిపిస్తాయి. అర్హత తేల్చే న్యూయార్క్ బోర్డు చూసేది మార్కుల పత్రాన్నే. కాబట్టి పట్టాను పక్కన పెట్టి, ఏ ఏడాది ఏయే లా సబ్జెక్టులు చదివారో ఒక కాగితం మీద వరుసగా రాసుకుని లెక్క చూడండి.

రెండో పని: బోర్డు చేతే తేల్చుకోండి

మీ లెక్క మీకు ధైర్యం ఇస్తుంది. అధికారికంగా తేల్చేది న్యూయార్క్ స్టేట్ బోర్డ్ ఆఫ్ లా ఎగ్జామినర్స్. దాని వెబ్‌సైట్‌లో విదేశీ చదువు మూల్యాంకనానికి విడిగా దరఖాస్తు ఉంటుంది. మార్కుల పత్రాలను విశ్వవిద్యాలయమే నేరుగా బోర్డుకు పంపాలి, మీ చేతి మీదుగా వెళ్లినవి చెల్లవు. పట్టాకు రుజువు, నమోదైనవాళ్లయితే బార్ నమోదు రుజువు, ఇంగ్లిష్‌లో లేనివాటికి ధ్రువీకరించిన అనువాదం కూడా కావాలి.

జవాబు రావడానికి నెలలు పడుతుంది. విశ్వవిద్యాలయ కార్యాలయంలో మీ కాగితం కదలడానికి పట్టే కాలం దీనికి అదనం. పరీక్షకు ఏడాది ముందే మొదలుపెట్టడం మంచిది. ఎల్ఎల్ఎం కావాలనుకునేవాళ్లు అందులో చేరే ముందే ఈ జవాబు తెప్పించుకోవాలి.

మూడో పని: ఎల్ఎల్ఎం సబ్జెక్టులు లెక్క చూసి ఎంచుకోవడం

ఒకరి ఉదాహరణ తీసుకుందాం. ఆమె సివిల్ లా దేశంలో నాలుగేళ్లు లా చదివి, రెండేళ్లు పూర్తికాలం ప్రాక్టీసు చేసింది. కాలం సరిపోయింది, సారం తప్పింది. అంటే ఎల్ఎల్ఎం చేయాలి.

అది అమెరికన్ బార్ అసోసియేషన్ ఆమోదించిన లా స్కూల్లో, అమెరికాలోని ప్రాంగణంలోనే చేయాలి. ఆన్‌లైన్‌లో చదివిన క్రెడిట్లు లెక్కలోకి రావు. మొత్తం కనీసం 24 క్రెడిట్లు ఉండాలి. వీటిలో వృత్తి నియమావళికి 2, న్యాయ పరిశోధన, రచనలకు 2, అమెరికన్ న్యాయవ్యవస్థ పరిచయానికి 2, న్యూయార్క్ బార్ పరీక్షలో వచ్చే సబ్జెక్టులకు 6 కేటాయించాలి.

ఆమెకు అంతర్జాతీయ మధ్యవర్తిత్వం ఇష్టం. మొదట వేసుకున్న పట్టికలో దానికి సంబంధించిన సెమినార్లే 14 క్రెడిట్లు ఉన్నాయి. మిగిలినవి 10. తప్పనిసరి క్రెడిట్లు 12. రెండు తక్కువయ్యాయి. రెండు క్రెడిట్ల సెమినార్ ఒకటి తీసేసి కాంట్రాక్టులు 4, సాక్ష్యాల చట్టం 2 క్రెడిట్లుగా తీసుకుంటే బార్ సబ్జెక్టుల ఆరూ పూర్తవుతాయి. వృత్తి నియమావళి, రచన, పరిచయం కలిసి మరో ఆరు. ఇక మిగిలిన 12 క్రెడిట్లు ఆమె ఇష్టం. తేడా చిన్నదే కదా అనిపించవచ్చు. కానీ మే నెలలో పట్టా తీసుకుని, రెండు క్రెడిట్లు తక్కువయ్యాయని జూన్‌లో తెలిస్తే జూలై పరీక్ష పోయినట్టే. పట్టా రావడం, బార్ అర్హత రావడం రెండూ వేర్వేరు. లా స్కూలు మొదటిదానికే పూచీ పడుతుంది.

నాలుగో పని: పరీక్షలు

ప్రధానమైనది యూనిఫాం బార్ ఎగ్జామ్. ఫిబ్రవరి, జూలై నెలల చివర రెండు రోజులు జరుగుతుంది. 200 బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఆరు వ్యాసాలు, రెండు ఆచరణ అభ్యాసాలు ఉంటాయి. 400కు 266 వస్తే న్యూయార్క్‌లో ఉత్తీర్ణులైనట్టు. దీనికి తోడు వృత్తి నీతి పరీక్షలో 85 స్కోరు రావాలి. న్యూయార్క్ చట్టంపై ఆన్‌లైన్ పాఠాలు పూర్తిచేసి, 50 ప్రశ్నల పరీక్షలో 30 సరిగా రాయాలి.

విదేశీ న్యాయవాదులకు అలవాటు లేనిది ఆచరణ అభ్యాసం. కేసు ఫైలు, తీర్పులు చేతికిచ్చి, గంటన్నరలో ఒక మెమో రాయమంటారు. అందులో బయటి చట్ట జ్ఞానం అక్కర్లేదు. కావలసింది చదివే వేగం, అమరిక. రోజూ గడియారం పెట్టుకుని రాస్తేనే అలవాటవుతుంది.

ఐదో పని: ప్రవేశం

ఉత్తీర్ణత వచ్చినంత మాత్రాన న్యాయవాది కారు. పరీక్ష రాసిన మూడేళ్లలోపు ప్రవేశానికి దరఖాస్తు చేయాలి. 50 గంటల ఉచిత న్యాయసేవ చేసినట్టు, దాన్ని న్యాయవాది పర్యవేక్షించినట్టు ధ్రువపత్రం కావాలి. ఎల్ఎల్ఎం చదువుతూ విద్యార్థులు నిజమైన కక్షిదారులకు సాయపడే లా స్కూల్ క్లినిక్‌లో చేసిన సేవ దీనికి పనికొస్తుంది. వృత్తి నైపుణ్యం చూపించే షరతు కూడా ఉంది. మన ఉదాహరణలోని ఆమె స్వదేశంలో నమోదై రెండేళ్లు ప్రాక్టీసు చేసింది కనుక, ఏడాది పూర్తికాలం ప్రాక్టీసు చేసినట్టు రుజువు చూపిస్తే ఆ షరతు తీరుతుంది. నడవడిక విచారణలో, ఇదివరకు చేసిన న్యాయ ఉద్యోగాలకు సంబంధించి పై అధికారుల ప్రమాణపత్రాలు అడుగుతారు. పాత ఆఫీసు వదిలే రోజునే అక్కడ ఎవరు సంతకం చేస్తారో కనుక్కుని ఉంచుకోండి.

ఇంకో రెండు విషయాలు. ఈ ప్రవేశం వీసా ఇవ్వదు. ఉద్యోగం చేసే హక్కు విడిగా తెచ్చుకోవాలి. ఇదే బార్ స్కోరును చాలా రాష్ట్రాలు గుర్తిస్తాయి గానీ, విదేశీ డిగ్రీకి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం. న్యూయార్క్‌లో చెల్లిన ఎల్ఎల్ఎం పక్క రాష్ట్రంలో చెల్లకపోవచ్చు.