షేరు విలువ కట్టడం, 6వ పాఠం: డివిడెండ్ ఇవ్వని కంపెనీకి డివిడెండ్ మోడల్

భవిష్యత్తులో వచ్చే డబ్బును నేటి విలువలోకి ఎలా మార్చాలో గత పాఠంలో చూశాం. ఇప్పుడు అదే లెక్కను షేరుకు వేద్దాం. ఇకముందు రాబోయే డివిడెండ్లన్నిటి నేటి విలువే షేరు విలువ అని 1938లో జాన్ బర్ విలియమ్స్ వాదించాడు. డివిడెండ్ ఏటా ఒకే రేటున పెరుగుతుందనుకుంటే ఆ అంతులేని కూడిక మొత్తం ఒక్క వరుసలోకి వచ్చేస్తుంది. గోర్డన్ మోడల్ అని పిలిచేది దీన్నే.

```
P = D1 / (r - g)
```

D1 అంటే వచ్చే ఏడాది డివిడెండ్, r అంటే మనం ఆశించే రాబడి రేటు, g అంటే డివిడెండ్ పెరిగే రేటు. ఈ ఏడాది డివిడెండ్ 5, r 11 శాతం, g 6 శాతం అనుకుందాం. D1 5.30 అవుతుంది. దాన్ని 0.05తో భాగిస్తే షేరు విలువ 106. ఇక్కడ ఈ ఏడాది డివిడెండ్‌నే నేరుగా భాగించడం చాలామంది చేసే పొరపాటు. అలా చేస్తే 100 వస్తుంది. g కూడా జాగ్రత్తగా ఎంచుకోవాలి. దాన్ని 7 శాతం చేస్తే విలువ ఒక్కసారిగా 133.75కి ఎగబాకుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. డివిడెండ్ సున్నా అయితే సూత్రం ఇచ్చే జవాబూ సున్నానే. ఆల్ఫాబెట్ తొలి డివిడెండ్ ఇచ్చింది 2024లో. అంతకుముందు దాని షేరుకు విలువే లేదని ఎవరూ అనరు. అందుకే ఇలాంటి కంపెనీలకు డివిడెండ్ ఎప్పుడు మొదలవుతుందో, ఎంత ఇస్తారో మనమే ఊహించి లెక్క వేయాల్సి వస్తుంది.

ఒక కంపెనీకి షేరుకు లాభం ఇప్పుడు 4. అయిదేళ్లు ఏటా 20 శాతం పెరుగుతుంది, అప్పటిదాకా డివిడెండ్ లేదు. అయిదో ఏడాది చివరికి లాభం 9.95. ఆరో ఏడాది నుంచి పెరుగుదల 5 శాతానికి తగ్గి, లాభంలో సగం పంచుతారనుకుందాం. ఆరో ఏడాది లాభం 10.45, డివిడెండ్ 5.23. దీన్ని (11 - 5) శాతంతో, అంటే 0.06తో భాగిస్తే 87 వస్తుంది. ఇది అయిదో ఏడాది చివరి విలువ. దీన్ని ఇంకోసారి ఆరేళ్లకు డిస్కౌంట్ చేయకూడదు, అయిదేళ్లకే చేయాలి. 1.11ను అయిదుసార్లు హెచ్చిస్తే 1.685. 87ను దానితో భాగిస్తే నేటి విలువ సుమారు 52.

ఈ 52లో మొదటి అయిదేళ్ల వాటా ఒక్క పైసా కూడా లేదు. ముందు చూసిన 106లో తొలి అయిదేళ్ల డివిడెండ్లే సుమారు 22 ఉన్నాయి. అంటే ఇక్కడ విలువంతా ఇంకా జరగని ఒక నిర్ణయం మీద నిలబడి ఉంది. పైగా ఆ నిర్ణయం గురించి మనం వేసుకున్న సంఖ్యలు ఒకదానికొకటి పొంతన లేకపోయినా మోడల్ మనల్ని హెచ్చరించదు.

ఉదాహరణకు, పంచేది సగానికి బదులు 90 శాతం అని రాయండి. g మాత్రం 5 శాతంగానే వదిలేయండి. విలువ 52 నుంచి 93కి పెరిగిపోతుంది. లాభంలో పదో వంతే వ్యాపారంలో మిగిలినా అదే వేగంతో పెరగాలంటే ఆ మిగిలిన డబ్బు ఎంత రాబడి తేవాలి? g ను మిగుల్చుకునే భాగంతో భాగించండి: 0.05 ÷ 0.10, అంటే 50 శాతం. అంత రాబడి ఎల్లకాలం తెచ్చే వ్యాపారాలు చాలా అరుదు. సగం పంచినప్పుడు 0.05 ÷ 0.50, అంటే 10 శాతం. ఇది నమ్మదగినది. డివిడెండ్ ఇవ్వని కంపెనీ మీద మోడల్ వేసిన ప్రతిసారీ ఈ ఒక్క భాగహారం తప్పక చేయండి. జవాబు ఆ కంపెనీ ఈక్విటీ మీద ఇప్పుడు తెస్తున్న రాబడి కంటే బాగా ఎక్కువగా ఉంటే, మీ పేఅవుట్ గానీ g గానీ ఎక్కువ పడిందన్నమాట.

ఇన్ని ఊహలకన్నా, మా దృష్టిలో, పంచగలిగే డబ్బు లెక్క వేయడమే మెరుగు. వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి యంత్రాలకూ భవనాలకూ పెట్టిన ఖర్చు తీసేసి, కొత్తగా తెచ్చిన అప్పులోంచి తీర్చినది పోగా మిగిలినదాన్ని కలపండి. షేరుదారులకు మిగిలే నగదు ఇదే. కంపెనీ దీన్ని డివిడెండ్‌గా ఇచ్చినా, బైబ్యాక్‌కు వాడినా, ఖాతాలో ఉంచుకున్నా లెక్కలోకి వస్తుంది. బైబ్యాక్‌లు భారీగా చేసే కంపెనీని డివిడెండ్‌తో మాత్రమే కొలిస్తే విలువ తక్కువగా తేలేది అందుకే. అయితే కొత్త పెట్టుబడులు ఎక్కువగా ఉన్న ఏళ్లలో ఈ నగదు మైనస్‌లోకి వెళ్లవచ్చు. ఆ ఏళ్లను వదిలేయకుండా మైనస్ గుర్తుతోనే డిస్కౌంట్ చేయాలి.

అభ్యాసం: పై ఉదాహరణలో 20 శాతానికి బదులు 15 శాతం వేసి మళ్లీ చేయండి. విలువ సుమారు 42 రావాలి. రాకపోతే అయిదేళ్ల డిస్కౌంట్ దగ్గర సరిచూసుకోండి. షేరుదారులకు మిగిలే నగదును కంపెనీ నగదు ప్రవాహ పట్టికలోంచి వరుసగా తీయడం 7వ పాఠంలో చేద్దాం.